అప్పు లెక్కతో ప్రస్తుత విలువ: ఒక్క పట్టికను చివరిదాకా చదవడం ఎలా

ఫైనాన్స్‌లో ప్రస్తుత విలువ గురించిన అధ్యాయం తెరిస్తే నిర్వచనం, సూత్రం అయ్యాక తప్పకుండా ఒక అప్పు లెక్క వస్తుంది. ఇంత అప్పు, ఇంత వడ్డీ, ఇన్నేళ్లు, సమాన వాయిదాలు, కింద ఒక పట్టిక. పరీక్ష టెన్షన్‌లో ఉన్నవాళ్లు సూత్రం బట్టీ పట్టి, పట్టిక మీద ఒకసారి చూపు పారేసి పేజీ తిప్పేస్తారు. కానీ డిస్కౌంటింగ్ అంటే ఏమిటో నిజంగా తెలిసేది ఆ పట్టికలోనే. సూత్రం మర్చిపోయినా ఫర్వాలేదు, పట్టికను చదవడం వస్తే సూత్రాన్ని మనమే మళ్లీ కట్టుకోవచ్చు. అందుకే ఇక్కడ ఒకే అప్పును తీసుకుని మొదటి నుంచి చివరిదాకా నడుద్దాం.

మన అప్పు 1,00,000. కరెన్సీ ఏదైనా లెక్క మారదు. వడ్డీ ఏడాదికి 10 శాతం, గడువు మూడేళ్లు. ప్రతి ఏడాది చివర ఒక వాయిదా, మూడూ సమానం. ఒక్కో వాయిదా 40,211.48 అని అధ్యాయం చెబుతుంది. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత చూద్దాం. ముందు దాన్ని నమ్మి, అది నిజమో కాదో పరీక్షిద్దాం.

మూడు వాయిదాలూ కూడితే 1,20,634.44 వస్తుంది. తీసుకున్నది మాత్రం 1,00,000. అయినా అప్పు ఇచ్చిన రోజున ఈ రెండూ సమానమనే అధ్యాయం అంటుంది. ఎందుకు సమానమో చెప్పగలిగితే ప్రస్తుత విలువ అర్థమైనట్టే.

మొదటి పని: కాలరేఖ గీయడం

కాగితం మీద ఒక అడ్డగీత గీసి, దాని మీద 0, 1, 2, 3 అని నాలుగు చుక్కలు పెట్టండి. సున్నా అంటే అప్పు చేతికొచ్చిన రోజు. 1 అంటే మొదటి ఏడాది ముగిసిన రోజు. సున్నా దగ్గర 1,00,000 రాయండి, మిగతా మూడు చుక్కల దగ్గరా 40,211.48 రాయండి.

ఇది చిన్నపిల్లల పనిలా కనిపిస్తుంది కానీ, ఈ అధ్యాయంలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ గీత గీయకపోవడం వల్లే జరుగుతాయి. గీత మీద రెండు విషయాలు తేలిపోవాలి. వాయిదా కాలం మొదట్లో కడుతున్నామా, చివర్లోనా? వడ్డీ రేటు చెప్పిన కాలమూ, వాయిదాల మధ్య ఎడమూ ఒకటేనా? మన అప్పులో వాయిదా ఏడాది చివర, రేటు ఏడాదికి. రెండూ కలిశాయి కాబట్టి ముందుకు వెళ్లొచ్చు.

ఒక్క వాయిదాను వెనక్కి తేవడం

మూడింటినీ ఒకేసారి పట్టుకోకండి. 1 దగ్గరున్న వాయిదాను మాత్రం చూడండి. ఏడాది తర్వాత 40,211.48 రావాలంటే ఈ రోజు 10 శాతం వడ్డీకి ఎంత పెట్టాలి? పెట్టిన సొమ్ము ఏడాదిలో 1.10 రెట్లవుతుంది కాబట్టి, వెనక్కి రావాలంటే 1.10తో భాగించాలి. 40,211.48 ÷ 1.10 = 36,555.89.

ఈ 36,555.89 ఆ వాయిదా ప్రస్తుత విలువ. డిస్కౌంటింగ్ అంటే ఇంతే. ముందుకు వెళ్లేటప్పుడు వడ్డీతో పెరుగుతుంది, వెనక్కి వచ్చేటప్పుడు అదే వడ్డీతో తగ్గుతుంది. ఇక్కడ ఒక పొరపాటుకు బాగా అవకాశం ఉంది. 10 శాతం తగ్గించాలి కదా అని 40,211.48లో 10 శాతం తీసేస్తే 36,190.33 వస్తుంది. అది తప్పు. అది తప్పని తెలుసుకోవడం కూడా తేలికే: 36,190.33కు 10 శాతం వడ్డీ కలిపి చూడండి, 40,211.48కి చేరదు. 36,555.89కి కలిపితే సరిగ్గా చేరుతుంది. డిస్కౌంట్ చేసిన ప్రతి అంకెనూ ఇలా మళ్లీ ముందుకు పెంచి చూసుకోవచ్చు.

రెండో వాయిదాను రెండేళ్లు వెనక్కి తేవాలి. 1.10తో రెండుసార్లు భాగించాలి, అంటే 1.21తో. 40,211.48 ÷ 1.21 = 33,232.63. మూడోదాన్ని 1.331తో భాగిస్తే 30,211.48.

ఇప్పుడు మూడూ కూడండి: 36,555.89 + 33,232.63 + 30,211.48 = 1,00,000.00.

పైన అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. 1,20,634.44 అనేది మూడు వేర్వేరు రోజుల సొమ్మును ఒకే రోజు సొమ్ములా కూడిన మొత్తం. అన్నిటినీ సున్నా రోజుకు తెచ్చాకే కూడటానికి అర్థం ఉంటుంది. అలా కూడితే అప్పు మొత్తానికి సరిగ్గా సమానమవుతుంది. మిగిలిన 20,634.44 వడ్డీ. అప్పిచ్చినవాడు ఆగినందుకు దక్కేది అది.

ఒకే అంకె గల మూడు వాయిదాలు ఈ రోజున ఎంత తేడాగా ఉన్నాయో కూడా చూడండి. మూడోది మొదటిదానికంటే ఆరువేలకు పైగా తక్కువ విలువ చేస్తుంది.

వాయిదా అంకె ఎక్కడి నుంచి వచ్చింది

ఇప్పుడు వెనక్కి వెళ్లి 40,211.48ని కనుక్కుందాం. వాయిదా ఎంతో తెలియదనుకుని, ముందు వాయిదా ఒక్క యూనిట్ అనుకోండి. ఏడాదికి 1 చొప్పున మూడేళ్లు వస్తే, ఈ రోజున దాని విలువ 1 ÷ 1.10, 1 ÷ 1.21, 1 ÷ 1.331ల మొత్తం. అంటే 0.90909 + 0.82645 + 0.75131 = 2.48685.

మూడేళ్లపాటు ఏటా 1 కట్టే మాటకు ఈ రోజున 2.48685 అప్పు దొరుకుతుందన్నమాట. మనకు కావలసింది 1,00,000. కాబట్టి 1,00,000 ÷ 2.48685 చేస్తే 40,211.5 దాకా వస్తుంది. మరిన్ని దశాంశాలు ఉంచుకుని చేస్తే 40,211.48. మధ్యలో అంకెలను కుదించకూడదు, కుదించడం చివర్లోనే. పాఠంలోని జవాబుకూ మీ జవాబుకూ చిన్న తేడా వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

అధ్యాయంలో కనిపించే పెద్ద సూత్రం ఈ మూడు భాగాల మొత్తాన్ని కుదించి రాసిన రూపం. మూడేళ్లకు అది అక్కర్లేదు. 240 నెలలకైతే కావాలి. స్ప్రెడ్‌షీట్‌లో అయితే ఇలా:

```
=PMT(0.10, 3, -100000)
=PV(0.10, 3, -40211.48)
```

మొదటిది వాయిదాను, రెండోది వాయిదాల ప్రస్తుత విలువను ఇస్తుంది. మైనస్ గుర్తు చూసి కంగారు పడొద్దు. చేతి నుంచి పోయే సొమ్ముకు ఒక గుర్తు, చేతికొచ్చే సొమ్ముకు ఇంకో గుర్తు అన్నది ఆ ఫంక్షన్ల ఏర్పాటు. మైనస్ పెట్టకపోతే అంకె అదే వస్తుంది, గుర్తు మాత్రం తిరగబడుతుంది.

పట్టిక: ప్రతి వాయిదాలో వడ్డీ ఎంత, అసలు ఎంత

ఇక పట్టికకు వద్దాం. నియమం ఒక్కటే. ఏడాది మొదట్లో ఉన్న బాకీ మీద 10 శాతం వడ్డీ. వాయిదాలోంచి ముందు ఆ వడ్డీ పోతుంది, మిగిలింది అసలులో తగ్గుతుంది.

| ఏడాది | మొదట బాకీ | వడ్డీ | అసలు | చివర బాకీ |
|---|---|---|---|---|
| 1 | 1,00,000.00 | 10,000.00 | 30,211.48 | 69,788.52 |
| 2 | 69,788.52 | 6,978.85 | 33,232.63 | 36,555.89 |
| 3 | 36,555.89 | 3,655.59 | 36,555.89 | 0 |

అసలు అన్న నిలువు వరసను చూడండి. 30,211.48, 33,232.63, 36,555.89. ఈ మూడు అంకెలూ మనం ఇంతకుముందు చూసినవే! మూడు వాయిదాల ప్రస్తుత విలువలు ఇవి, కాకపోతే తలకిందులుగా ఉన్నాయి. మొదటి ఏడాది తీరిన అసలు చివరి వాయిదా ప్రస్తుత విలువకు సమానం. చివరి ఏడాది తీరిన అసలు మొదటి వాయిదా ప్రస్తుత విలువకు సమానం.

పాఠాల్లో ఈ సంగతి అరుదుగా చెబుతారు, చెప్పినా ఒక్క వాక్యంలో దాటేస్తారు. కానీ ఇది యాదృచ్ఛికం కాదు. ఎందుకిలా వచ్చిందో చివరి నుంచి చూస్తే బాగా తెలుస్తుంది. మూడో ఏడాది మొదట్లో ఇంకా కట్టాల్సింది ఒక్క వాయిదానే, అది కూడా ఏడాది దూరంలో ఉంది. కాబట్టి అప్పటి బాకీ అంటే 40,211.48ని ఒక ఏడాది వెనక్కి తెచ్చిన అంకె, 36,555.89. రెండో ఏడాది మొదట్లో రెండు వాయిదాలు మిగిలి ఉన్నాయి, ఒకటి ఏడాది దూరం, ఇంకోటి రెండేళ్ల దూరం. అప్పటి బాకీ 36,555.89 + 33,232.63. ఆ ఏడాది గడిచేసరికి బాకీ 36,555.89కి దిగింది. తగ్గినది 33,232.63, అంటే రెండేళ్ల దూరపు వాయిదా విలువ. మొదటి ఏడాదిలోనూ ఇదే తర్కం, మూడేళ్ల దూరపు విలువతో.

పట్టికను తనిఖీ చేయడానికి ఇందులోంచి ఒక చిట్కా దొరుకుతుంది. అసలు వరసలో ప్రతి అంకె దాని పై అంకెకు 1.10 రెట్లుండాలి. 30,211.48 × 1.10 = 33,232.63, దాన్ని మళ్లీ 1.10తో గుణిస్తే 36,555.89. సమాన వాయిదాల అప్పు ఏదైనా ఇలాగే నడుస్తుంది. అలా లేకపోతే పట్టికలో ఎక్కడో తప్పు ఉంది, లేదా అది సమాన వాయిదాల అప్పు కాదు.

బాకీ అంటే ఏమిటి

పై వాదనలో ఈ అధ్యాయానికి గుండెకాయలాంటి మాట ఒకటి వచ్చింది. ఏ రోజున చూసినా, బాకీ అంటే ఇంకా కట్టాల్సిన వాయిదాల ప్రస్తుత విలువ. అప్పు రేటుతో, ఆ రోజుకు తెచ్చిన విలువ.

కాబట్టి బాకీని రెండు దారుల్లో కనుక్కోవచ్చు. ఒకటి గతం నుంచి: తీసుకున్న అప్పుకు వడ్డీ కలుపుతూ, కట్టినవి తీసేస్తూ రావడం. మొదటి ఏడాది చివర 1,00,000 × 1.10 - 40,211.48 = 69,788.52. ఇంకోటి భవిష్యత్తు నుంచి: మిగిలిన రెండు వాయిదాలను వెనక్కి తేవడం. 36,555.89 + 33,232.63 = 69,788.52. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి. మీరు చేసిన ఏ పట్టికనైనా మధ్యలో ఒక వరస దగ్గర ఆగి ఇలా రెండు వైపుల నుంచీ పరీక్షించండి. చివరి బాకీ సున్నా అయిందా లేదా అని చూడటం కంటే ఇది గట్టి పరీక్ష, ఎందుకంటే తప్పు ఏ ఏడాదిలో దొర్లిందో కూడా చెబుతుంది.

దీని అవసరం పాఠం బయట కూడా కనిపిస్తుంది. మొదటి వాయిదా కట్టిన రోజే అప్పు మొత్తం తీర్చేయాలనుకున్నారనుకోండి. ఇంకా రెండు వాయిదాలున్నాయి కాబట్టి 80,422.96 కట్టాలా? అక్కర్లేదు. కట్టాల్సింది 69,788.52. తేడా 10,634.44 ఇంకా పుట్టని వడ్డీ, పట్టికలో రెండో, మూడో ఏడాదుల వడ్డీల మొత్తం. ముందస్తుగా తీర్చినందుకు ఒప్పందంలో అదనపు రుసుము ఏమైనా ఉంటే అది వేరే లెక్క, ఈ బాకీ మీద విడిగా కలుస్తుంది.

రేటు మారితే ఏమవుతుంది

ఇంతవరకు ఒకే 10 శాతం రెండు పనులు చేసింది. అప్పు మీద వడ్డీ వేసిందీ అదే, వాయిదాలను డిస్కౌంట్ చేసిందీ అదే. అందుకే ప్రస్తుత విలువ సరిగ్గా 1,00,000 అయింది. ఈ రెండు పనులకూ రెండు వేర్వేరు రేట్లు రావచ్చు. అధ్యాయంలో చాలామంది తడబడేది ఇక్కడే.

అప్పిచ్చినవాడు ఆ అప్పు పత్రాన్ని మరుసటి రోజే ఇంకొకరికి అమ్మాలనుకున్నాడు. కొనేవాడికి ఇంతే రిస్కు ఉన్న ఇంకో చోట 12 శాతం వస్తోంది. వాయిదాలు మారవు, అవి ఒప్పందంలో రాసేశారు. కానీ కొనేవాడు వాటిని 12 శాతంతో డిస్కౌంట్ చేస్తాడు. 40,211.48ని 1.12తో ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు భాగిస్తే 35,903.11, 32,056.35, 28,621.74 వస్తాయి. మొత్తం 96,581.20. అంతకు మించి ఇవ్వడు. వేరే చోట 8 శాతమే వస్తుంటే, అవే వాయిదాలకు దాదాపు 1,03,629 దాకా ఇస్తాడు.

అప్పు తీసుకున్నవాడికి మాత్రం ఇందులో ఏ మార్పూ లేదు. అతని బాకీ 1,00,000గానే ఉంది, పట్టికలో ఒక్క అంకె కదలలేదు. ఒప్పందపు బాకీకి అప్పు రేటు, ఆ వాయిదాల మార్కెట్ విలువకు మార్కెట్ రేటు. ప్రశ్నలో ‘బాకీ ఎంత’ అని అడిగారా, ‘విలువ ఎంత’ అని అడిగారా అన్నది చూసుకుని రేటు ఎంచుకోవాలి. రేటు పెరిగితే విలువ తగ్గుతుంది, దూరంగా ఉన్న వాయిదా మీద ఆ దెబ్బ ఎక్కువ. 10 నుంచి 12కి వెళ్లినప్పుడు మొదటి వాయిదా విలువ సుమారు 650 తగ్గింది, మూడోది సుమారు 1,590 తగ్గింది.

నెలవారీ వాయిదాలు వచ్చినప్పుడు

అదే అప్పు, అదే 10 శాతం, అదే మూడేళ్లు. కానీ నెలకో వాయిదా, మొత్తం 36. ఇప్పుడు కాలరేఖ మీద సున్నా తర్వాత చుక్కలు 36 అవుతాయి, చుక్కకూ చుక్కకూ మధ్య ఒక నెల. కాబట్టి రేటు కూడా నెలకు మారాలి. అప్పు ఒప్పందాల్లో సాధారణంగా ఏడాది రేటును 12తో భాగిస్తారు: నెలకు 0.8333 శాతం. వాయిదా 3,226.72 వస్తుంది.

ఏడాది వాయిదాను 12తో భాగిస్తే చాలు కదా అనిపిస్తుంది. 40,211.48 ÷ 12 = 3,350.96. ఇది ఎక్కువ కట్టించుకోవడమే. నెలనెలా కట్టేవాడు ఏడాది చివరిదాకా ఆగడం లేదు, అసలు ముందునుంచే తగ్గుతోంది, ఆ మేరకు వడ్డీ తగ్గాలి. ఇంకో తప్పు, 36 నెలలు పెట్టి రేటు మాత్రం 10 శాతమే ఉంచడం. అప్పుడు వాయిదా నెలకు పదివేలు దాటుతుంది. మొదటి నెల వడ్డీయే 10,000 అని చెబుతున్న లెక్క కళ్లముందే తప్పని తెలిసిపోవాలి. అందుకే ఏ అప్పు లెక్కలోనైనా ముందు మొదటి వాయిదాలోని వడ్డీని చేత్తో వేసి చూడండి: అప్పు × ఒక్క కాలపు రేటు. ఇక్కడ అది 833.33.

వాయిదా కాలం మొదట్లోనే కట్టాలంటే ప్రతి వాయిదా సున్నా వైపు ఒక అడుగు జరుగుతుంది. మన ఏడాది అప్పులో అప్పుడు వాయిదా 40,211.48 ÷ 1.10, అంటే 36,555.89. మొదటిది అప్పు చేతికొచ్చిన రోజే కట్టేస్తారు కాబట్టి నిజంగా చేతిలో మిగిలేది 63,444.11 మాత్రమే.

రేటే తెలియనప్పుడు

చివరిగా, లెక్కను తిరగేసి అడిగే ప్రశ్న. అప్పూ వాయిదాలూ తెలుసు, రేటు తెలియదు. ‘ఫ్లాట్ 10 శాతం’ అని చెప్పే అప్పు దీనికి మంచి ఉదాహరణ. అక్కడ మూడేళ్లూ మొదటి 1,00,000 మీదే వడ్డీ వేస్తారు: 30,000. మొత్తం 1,30,000ని మూడుతో భాగిస్తే వాయిదా 43,333.33. అసలు తగ్గుతున్నా వడ్డీ తగ్గడం లేదు. మరి నిజమైన రేటు ఎంత?

వాయిదాల ప్రస్తుత విలువ 1,00,000కి సమానం అయ్యే రేటే నిజమైన రేటు. 1,00,000 ÷ 43,333.33 = 2.30769. ఏడాదికి 1 చొప్పున మూడేళ్ల విలువ ఇంత కావాలి. 10 శాతం దగ్గర అది 2.48685 అని మనకు తెలుసు, ఎక్కువగా ఉంది కాబట్టి రేటు పెంచాలి. 14 శాతం దగ్గర 2.32163, ఇంకా ఎక్కువే. 15 శాతం దగ్గర 2.28323, దాటిపోయింది. మనకు కావలసింది ఈ రెంటి మధ్య ఉంది, 14కి కాస్త దగ్గరగా. రెండు అంకెల మధ్య దూరాన్ని పంచి చూస్తే 14.36 శాతం వస్తుంది. దాన్ని మళ్లీ పెట్టి చూస్తే 2.3077, సరిపోయింది.

అప్పు ఇచ్చేటప్పుడే రుసుము కింద కొంత పట్టుకున్నా ఇదే పద్ధతి. మన మొదటి అప్పులో 2,000 పట్టుకుని 98,000 చేతికిచ్చి, వాయిదా మాత్రం 40,211.48గానే ఉంచితే, సున్నా చుక్క దగ్గర 1,00,000 కొట్టేసి 98,000 రాయాలి. అప్పుడు 98,000 ÷ 40,211.48 = 2.43712. దీనికి తగిన రేటు 11 శాతం కంటే కొంచెం పైన, సుమారు 11.16. ఒప్పంద పత్రం మీద మాత్రం 10 అనే ఉంటుంది.